ఫాల్గుణ బహుళ ద్వాదశిని ఇంగ్లీషు తేదీలోకి మార్చడం ఎలా: అన్నమయ్య రాగిరేకు ఉదాహరణగా

మత చరిత్ర మీద వ్యాసం రాసేవాళ్లకు ఒకరోజు తప్పకుండా ఈ చిక్కు వస్తుంది. చేతిలో ఒక శాసనం ఉంటుంది. అందులో శక సంవత్సరం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి ఉంటాయి. వ్యాసంలోనేమో ఇంగ్లీషు తేదీ ఇవ్వాలి. చాలామంది శక సంవత్సరానికి 78 కలిపి, మాసాన్ని ఈనాటి క్యాలెండర్‌లో ఎక్కడుందో చూసి, ఒక తేదీ వేసేస్తారు. నా మొదటి వ్యాసంలో నేనూ అదే చేశాను. అందులో నేనిచ్చిన ఒక ఉత్సవం తేదీ ఏకంగా ఏడాది తప్పింది. వ్యాసం అచ్చయ్యాక ఒక పెద్దాయన ఫోన్ చేసి, మెల్లగా అడిగారు: "ఆ తిథి మాఘంలో కదమ్మా, ఇంగ్లీషు సంవత్సరం అప్పటికే మారిపోయి ఉండదూ?" అప్పటినుంచి తేదీ మార్చేటప్పుడు కాగితం మీద ఒక్కో మెట్టూ రాసుకుంటూ వెళ్తున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ ఒక్క ఉదాహరణతో చివరిదాకా చూపిస్తాను.

ఉదాహరణ తాళ్లపాక అన్నమాచార్యులది. తిరుమలలో దొరికిన సంకీర్తనల రాగిరేకుల్లో మొదటి రేకు మీద రెండు శక సంవత్సరాలు కనిపిస్తాయి. ఒకటి శాలివాహన శకం 1346, క్రోధి సంవత్సరం. రెండోది 1424, దుందుభి సంవత్సరం, ఫాల్గుణ బహుళ ద్వాదశి. ఈ రెండో తిథినే అన్నమయ్య పరమపదించిన రోజుగా తీసుకుని ఏటా వర్ధంతి జరుపుతున్నారు. పుస్తకాల్లో దీనికి 1503 ఫిబ్రవరి 23 అని ఇంగ్లీషు తేదీ ఇస్తారు. కొన్నిచోట్ల 1503 ఏప్రిల్ 4 అని కూడా కనిపిస్తుంది. వీటిలో ఏది నిలుస్తుందో మనమే లెక్కగట్టి చూద్దాం.

ముందు శాసనంలో ఉన్నదాన్ని ఉన్నట్టు రాసుకోండి

లెక్క మొదలుపెట్టకముందే నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకుని, శాసనం ఇచ్చిన వివరాలను విడివిడిగా రాయండి. శక సంఖ్య, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం, గ్రహణం, సంక్రాంతి. మన రేకులో మొదటి ఐదే ఉన్నాయి. మిగతావాటి దగ్గర "లేదు" అని రాయండి, ఖాళీ వదలకండి. ఏవి లేవో తెలిస్తేనే చివర్లో మన తేదీని ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది. వారం లేని శాసనానికి "గురువారం" అని మీరు చేర్చారనుకోండి. రేపు మీ వ్యాసం చదివినవాళ్లు ఆ గురువారం శాసనంలోదే అనుకుంటారు.

అనువాదం నుంచి కాకుండా మూలపాఠం నుంచే రాసుకోండి. "బ 12" అన్నచోట బహుళం పోయి శుద్ధం పడితే తేదీ పదిహేను రోజులు జరిగిపోతుంది. అచ్చుపుస్తకాల్లో ఇలాంటి పొరపాట్లు నేను చాలా చూశాను.

శక సంఖ్యను సంవత్సరం పేరుతో సరిచూడండి

అరవై సంవత్సరాల పేర్లు మనకు దొరికిన గొప్ప తాళం చెవి. శక సంఖ్యలో లేఖకుడు ఒక అంకె తప్పు రాయవచ్చు. రాగి మీదో రాతి మీదో అంకె అరిగిపోనూ వచ్చు. కానీ తాను బతుకుతున్న ఏడాది పేరు మాత్రం ఎవరూ అంత తేలిగ్గా మరచిపోరు.

తెలుగునాట వాడే పద్ధతిలో సరిచూడడం చాలా సులువు. శక సంఖ్యకు 12 కలపండి, 60తో భాగించండి, మిగిలిన శేషమే ప్రభవ నుంచి లెక్కించిన సంవత్సరం వరుస సంఖ్య. శేషం సున్నా అయితే అరవయ్యోది, అంటే అక్షయ.

1424కు 12 కలిపితే 1436. 60తో భాగిస్తే శేషం 56. ప్రభవ, విభవ, శుక్ల అని లెక్కపెట్టుకుంటూ వెళ్తే యాభై ఆరోది దుందుభి. శాసనంలోని పేరుతో సరిపోయింది. అలాగే 1346కు 12 కలిపితే 1358, శేషం 38, అది క్రోధి. అదీ సరిపోయింది.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించాలి. శక సంవత్సరాన్ని రెండు రకాలుగా లెక్కపెడతారు. గడిచిపోయిన సంవత్సరాల సంఖ్య ఇస్తే గత శకం, నడుస్తున్న సంవత్సరం సంఖ్య ఇస్తే వర్తమాన శకం. రెండింటికీ ఒక్క ఏడాది తేడా. రేకులో "1424 అగునేటి" అని ఉంటుంది. ఆ మాట చదివితే నడుస్తున్న ఏడాదే 1424వది అనిపిస్తుంది. కానీ పై లెక్క గత శకానికే పనిచేస్తుంది, పేరు దానితోనే కుదిరింది. వర్తమాన శకం అనుకుంటే ఆ ఏడాది పేరు దుందుభికి ముందున్న దుర్మతి కావాలి. కాబట్టి మాటల్ని బట్టి కాదు, సంవత్సరం పేరును బట్టి ఇది గత శకం 1424 అని తేల్చుకోవాలి.

పేరూ సంఖ్యా కుదరకపోతే? హంపి విరూపాక్షాలయంలో కృష్ణదేవరాయల పట్టాభిషేకాన్ని ప్రస్తావించే శాసనం అలాంటిదే. అందులో శకం 1430, శుక్ల సంవత్సరం, మాఘ శుద్ధ చతుర్దశి అని ఉంది. లెక్క వేస్తే 1430కి వచ్చేది విభవ, శుక్ల రావాలంటే 1431 కావాలి. సంఖ్యను నమ్మితే తేదీ 1509 ఫిబ్రవరి మొదటి వారంలో పడుతుంది, పేరును నమ్మితే 1510 జనవరి 23, 24 ప్రాంతంలో. ఇలాంటప్పుడు వ్యాసంలో రెండూ చెప్పి, మీరు దేన్ని ఎందుకు తీసుకున్నారో ఒక వాక్యం రాయాలి. ఒకదాన్ని మౌనంగా ఎంచుకోవడం పాఠకుడికి అన్యాయం.

ఇంకో జాగ్రత్త. ఉత్తరాదిలో సంవత్సరాల పేర్లు బృహస్పతి గమనాన్ని బట్టి నడుస్తాయి, మన పేర్లతో కలవవు. ఒడిశాకు అవతల నుంచి వచ్చిన రాతప్రతి మీద ఈ 12 సూత్రం వాడకండి.

ఇంగ్లీషు సంవత్సరం 78 కలిపితే వచ్చేదా, 79 కలిపితే వచ్చేదా

గత శకానికి 78 కలిపితే ఆ ఏడాది ఉగాది పడిన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1424కు 78 కలిపితే 1502. అంటే దుందుభి ఉగాది 1502లో వచ్చింది. కచ్చితంగా చెప్పాలంటే మార్చి రెండో వారంలో. అక్కడి నుంచి పన్నెండు మాసాలు నడవాలి. ఫాల్గుణం చివరిది కాబట్టి ఆ లోపే జనవరి దాటిపోయింది. మన తిథి పడేది 1503లో.

చైత్రం నుంచి కార్తికం దాకా 78, ఫాల్గుణానికి 79 అని గుర్తుపెట్టుకోండి. మాఘానికి కూడా దాదాపు ఎప్పుడూ 79, కానీ పాత జూలియన్ తేదీల్లో దాని మొదటి రోజులు డిసెంబరు చివర్లో పడవచ్చు. మార్గశిరం, పుష్యం మాత్రం ఒక్కో ఏడాది ఒక్కోలా పడతాయి, వాటిని ప్రతిసారీ విడిగా చూడాల్సిందే. వైకుంఠ ఏకాదశి మీద పనిచేసేవాళ్లకు ఈ చిక్కు బాగా తెలుసు. ఆ పండుగ కొన్నిసార్లు డిసెంబరులో, కొన్నిసార్లు జనవరిలో వస్తుంది. అందుకే ఒకే ఇంగ్లీషు సంవత్సరంలో రెండుసార్లు రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు.

మాసం అమావాస్యతో ముగుస్తుందా, పున్నమితోనా

తెలుగు, కన్నడ, మరాఠీ ప్రాంతాల్లో మాసం అమావాస్యతో ముగుస్తుంది. ఇది అమాంత పద్ధతి. ఉత్తరాదిలో పున్నమితో ముగుస్తుంది. శుద్ధ పక్షానికి రెండింటిలో ఒకే పేరు. బహుళ పక్షం దగ్గరికి వచ్చేసరికి పేరు మారిపోతుంది. మన ఫాల్గుణ బహుళ ద్వాదశిని కాశీలో చైత్ర కృష్ణ ద్వాదశి అంటారు. రోజు ఒకటే, పేర్లు రెండు.

ఇంటర్నెట్‌లో తేదీలు మార్చే పేజీల్లో చాలావాటికి పూర్ణిమాంతమే అలవాటు. అక్కడ ఫాల్గుణ కృష్ణ ద్వాదశి అని నొక్కితే 1503 జనవరి చివరి వారంలోని రోజు వస్తుంది. మన లెక్క ప్రకారం అది మాఘ బహుళం. నెల రోజులు తప్పిపోయినా స్క్రీన్ మీద "ద్వాదశి" అనే కనిపిస్తుంది కాబట్టి అనుమానం రాదు. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. అదే పేజీలో మహాశివరాత్రి ఏ మాసంలో చూపిస్తోందో చూడండి. మాఘ బహుళ చతుర్దశి అని చూపిస్తే అది మన పద్ధతి. ఫాల్గుణ కృష్ణ చతుర్దశి అంటే ఉత్తరాది పద్ధతి.

ఆ మాసం నిజంగా ఫాల్గుణమేనా: సంక్రమణంతో తేల్చాలి

అసలు కష్టం ఇక్కడే. చాంద్రమాసానికి పేరు సూర్యుడి వల్ల వస్తుంది. రెండు అమావాస్యల మధ్య సూర్యుడు మీనరాశిలో ప్రవేశిస్తే ఆ మాసం ఫాల్గుణం, మేషంలో ప్రవేశిస్తే చైత్రం. ఏ రాశిలోనూ ప్రవేశించకపోతే అది అధిక మాసం, దానికి తర్వాతి మాసం పేరే ఉంటుంది. కాబట్టి తిథిని పట్టుకునే ముందు రెండు అమావాస్యలనూ, వాటి మధ్య సంక్రమణాన్నీ పట్టుకోవాలి.

దీనికి ఇంట్లో లెక్కలు వేసుకోనక్కర్లేదు. స్వామికన్ను పిళ్లై తయారుచేసిన ఇండియన్ ఎఫిమెరిస్ సంపుటాల్లో క్రీస్తుశకం 700 నుంచి 1799 దాకా తిథి నక్షత్రాలు దొరుకుతాయి. మిచియో యానో సూర్యసిద్ధాంతం ఆధారంగా చేసిన పంచాంగం ప్రోగ్రాం కూడా పరిశోధకులు వాడతారు. ఏదైనా ఒకదానితో లెక్కవేసి, రెండోదానితో సరిచూడండి.

1503 ఆరంభంలో ఏం జరిగిందో చూద్దాం. ఇవన్నీ ఆనాటి జూలియన్ తేదీలు, మన దేశపు సమయం. జనవరి చివర్లో, 27 ప్రాంతంలో, ఒక అమావాస్య ముగిసింది. ఫిబ్రవరి 25 సాయంత్రం మీన సంక్రమణం జరిగింది. ఫిబ్రవరి 26 సాయంత్రం తర్వాతి అమావాస్య ముగిసింది. అంటే మీన సంక్రమణం అమావాస్యకు సుమారు ఒక్క రోజు ముందు జరిగింది. ఆ ఒక్క రోజు వల్లే జనవరి చివర్లో మొదలై ఫిబ్రవరి 26న ముగిసిన మాసానికి ఫాల్గుణం అనే పేరు వచ్చింది.

ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఒక్క పట్టికను నమ్మి వదిలేయకూడదు. నేను దీన్ని సూర్యసిద్ధాంతం లెక్కతోనూ, ఈనాటి ఖగోళ గణితంతోనూ విడివిడిగా చూశాను. రెండింటిలోనూ సంక్రమణమే ముందు వచ్చింది. పైగా ఇంకోవైపు నుంచి కూడా సరిచూడవచ్చు. 1502 ఉగాది నుంచి వరుసగా పన్నెండు చాంద్రమాసాలు లెక్కపెడితే సరిగ్గా ఈ అమావాస్య దగ్గరికే వస్తాం. మధ్యలో అధిక మాసం లేదు.

ఆ తర్వాతి మాసం మాత్రం చాలా ఇబ్బంది పెడుతుంది. మార్చి 28 తెల్లవారుజామున అమావాస్య ముగింపూ మేష సంక్రమణమూ దాదాపు ఒకే వేళకు పడ్డాయి. ఏది ముందు అన్నదాన్ని బట్టి ఆ మాసం అధిక చైత్రమో, నిజ చైత్రమో అవుతుంది. అందుకే రెండు ప్రోగ్రాములు ఇక్కడ రెండు జవాబులు ఇవ్వవచ్చు. అదృష్టవశాత్తూ మన తిథికి దీనితో పని లేదు. ఎటు తేలినా ఆ మాసం ఫాల్గుణం కాదు. మీన సంక్రమణం అప్పటికే జరిగిపోయింది కదా.

ఫిబ్రవరిలో ఫాల్గుణ బహుళమేమిటి, మనకు అది మార్చి, ఏప్రిల్ నెలల్లో కదా అని మీకు అనిపించవచ్చు. అలా అనిపించడం సహజమే. అప్పటి జూలియన్ క్యాలెండర్ ఇప్పటి మన క్యాలెండర్ కన్నా పది రోజులు వెనక ఉంది. దానికితోడు అయనచలనం వల్ల అయిదు వందల ఏళ్లలో సంక్రమణం ఇంకో ఏడు రోజులు జరిగింది. ఇప్పుడు మార్చి 14 ప్రాంతంలో వచ్చే మీన సంక్రమణం అప్పుడు ఫిబ్రవరి 25న వచ్చింది. కాబట్టి ఈనాటి క్యాలెండర్‌లో ఫలానా పండుగ ఫలానా నెలలో వస్తుంది అనే అలవాటును పాత తేదీల మీద రుద్దకండి.

తిథి నుంచి రోజుకు

మాసం తేలాక రోజు దొరకడం తేలిక. ఫిబ్రవరి 26 సాయంత్రం అమావాస్య ముగిసింది. అక్కడినుంచి వెనక్కి అమావాస్య, చతుర్దశి, త్రయోదశి అని మూడు తిథులు లెక్కపెట్టండి. ఆ రోజుల్లో చంద్రుడు వేగంగా నడుస్తున్నాడు కాబట్టి ఒక్కో తిథి ఒక రోజు కన్నా తక్కువే ఉంది. ద్వాదశి ఫిబ్రవరి 23 తెల్లవారకముందే మొదలై 23 రాత్రి ముగిసే వేళ దాకా ఉంది. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి అనే మామూలు నియమం ప్రకారం 1503 ఫిబ్రవరి 23న ద్వాదశి. ఆ రోజు గురువారం.

అన్ని సందర్భాలకూ సూర్యోదయ నియమం చెల్లదని గుర్తుంచుకోండి. శివరాత్రికి అర్ధరాత్రి తిథి కావాలి. వినాయక చవితికి మధ్యాహ్నం. కృష్ణాష్టమికి రాత్రి, అందులోనూ స్మార్తులకు, వైష్ణవులకు రోజు మారుతుంది. ఉత్సవం గురించి రాస్తుంటే ఆ ఉత్సవానికి ఏ వేళ తిథి ముఖ్యమో ముందు చూడాలి. దానం, అంకితం, మరణం లాంటి సంఘటన అయితే అది జరిగిన వేళకు ఉన్న తిథినే రాసి ఉండవచ్చు. అందుకే వారం లేని శాసనానికి ఒక రోజు అటూ ఇటూ అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

జూలియనా, గ్రెగోరియనా

పాత జూలియన్ క్యాలెండర్ స్థానంలో ఇప్పటి మన గ్రెగోరియన్ క్యాలెండర్ వచ్చినప్పుడు, 1582 అక్టోబరు 4 గురువారం తర్వాత రోజు అక్టోబరు 15 శుక్రవారం అయింది. అంతకుముందు తేదీలన్నిటికీ చరిత్రకారులు జూలియన్ క్యాలెండర్ వాడతారు. కంప్యూటర్లు మాత్రం చాలావరకు గ్రెగోరియన్‌నే వెనక్కి లాగి చూపిస్తాయి. 1503లో ఈ రెండింటికీ తేడా పది రోజులు. 1408లో అయితే తొమ్మిది.

మీరు వాడే పేజీ ఏ క్యాలెండర్‌లో చూపిస్తోందో తెలుసుకోవాలంటే 1503 ఫిబ్రవరి 23 ఏ వారం అని అడగండి. గురువారం అంటే జూలియన్. సోమవారం అంటే గ్రెగోరియన్. పైథాన్ వాడేవాళ్లు ఇలా చూసుకోవచ్చు. అది గ్రెగోరియనే కాబట్టి పది రోజులు కలిపి, మార్చి 5 అని ఇవ్వాలి.

```python
from datetime import date
print(date(1503, 3, 5).weekday())
```

జవాబు `3` వస్తుంది. సోమవారం సున్నా కాబట్టి మూడు అంటే గురువారం.

ఇప్పుడు ఏప్రిల్ 4 సంగతి చూద్దాం. దాన్ని జూలియన్ తేదీగా తీసుకుంటే మార్చి 28న అమావాస్య ముగిసి వారం రోజులయింది, అంటే శుద్ధ సప్తమి ప్రాంతం. బహుళ ద్వాదశి అయ్యే ప్రసక్తే లేదు. అదే గ్రెగోరియన్ అనుకుని పది రోజులు తగ్గిస్తే మార్చి 25 వస్తుంది. ఆ రోజు నిజంగానే బహుళ ద్వాదశి. కానీ ఆ మాసం ఫాల్గుణం కాదు, దాని తర్వాతిది. అంటే ఏప్రిల్ 4 అనే తేదీలో తిథి సరైనదే, మాసం ఒకటి ముందుకు జరిగింది, క్యాలెండర్ కూడా చెప్పకుండా మారిపోయింది. రెండు పొరపాట్లు కలిసి, ఈనాటి వర్ధంతి వచ్చే కాలానికి చక్కగా సరిపోయే తేదీ తయారైంది. చూడడానికి సహజంగా ఉంటుంది కాబట్టే అది అలా నిలబడిపోయింది.

జన్మతిథి దగ్గర నక్షత్రం ఎలా పనికొస్తుంది

రేకులో మొదటి సంఖ్య 1346, క్రోధి. దాని పక్కనే అన్నమాచార్యులు అవతరించిన పదహారేళ్లకు స్వామి ప్రత్యక్షమయ్యాడనే మాట ఉంది. ఆ వాక్యాన్ని రెండు రకాలుగా చదివారు. క్రోధి పుట్టిన ఏడాది అనుకుంటే జననం 1424లో. క్రోధి స్వామి సాక్షాత్కారం జరిగిన ఏడాది అనుకుంటే పదహారేళ్లు వెనక్కి వెళ్లి శకం 1330, సర్వధారి, అంటే 1408. ఇక్కడ పంచాంగం తీర్పు చెప్పలేదు, అది వాక్యాన్ని ఎలా చదవాలన్న ప్రశ్న. తేదీ మార్చడం వేరు, పాఠాన్ని అర్థం చేసుకోవడం వేరు. వ్యాసంలో ఈ రెండింటినీ కలిపేయకండి.

సంప్రదాయం సర్వధారిని తీసుకుంది. ఆరువందల జయంతిని 2008లో జరిపారంటే ఆ లెక్కతోనే. వైశాఖ పూర్ణిమ, విశాఖ నక్షత్రం అని చెబుతారు. ఆ ఏడాది వైశాఖ పూర్ణిమ తిథి మే 9 పగలు, సుమారు పదిన్నరకు మొదలై మే 10న దాదాపు అదే వేళకు ముగిసింది. సూర్యోదయ నియమం గుడ్డిగా పాటిస్తే మే 10 అని రాయాలి. పుస్తకాల్లో మాత్రం మే 9 అని ఉంటుంది. ఏది సరి?

నక్షత్రాన్ని అడగండి. పున్నమి ముగిసే వేళకు చంద్రుడు విశాఖ దాటి అనూరాధలో ఉన్నాడు. విశాఖ మే 9 సాయంత్రానికే అయిపోయింది. కాబట్టి పూర్ణిమా విశాఖా రెండూ కలిసి ఉన్నది మే 9 పగలు, కొన్ని గంటల పాటు మాత్రమే. సంప్రదాయం చెప్పే రెండు వివరాలనూ గౌరవిస్తే మే 9 నిలుస్తుంది. వారమో, నక్షత్రమో, గ్రహణమో ఒక్కటి అదనంగా దొరికినా ఒక రోజు అనుమానం ఇలా తీరిపోతుంది. శాసనంలో గ్రహణం ఉంటే ఇంకా మేలు. ఆ ఏడాది ఆ మాసంలో గ్రహణం ఉందో లేదో చూస్తే చాలు, సంవత్సరమే తేలిపోతుంది. అయితే అది ఆ ఊళ్లో కనిపించిందా లేదా అని కూడా చూడండి. కనిపించని గ్రహణానికి పుణ్యకాలం పాటించరు.

సంప్రదాయంగా వచ్చిన నక్షత్రానికీ, శాసనంలో చెక్కిన నక్షత్రానికీ విలువ ఒకటి కాదని మాత్రం వ్యాసంలో చెప్పాలి. జన్మ నక్షత్రాన్ని తర్వాతి తరం భక్తితో చేర్చుకుని ఉండవచ్చు.

వ్యాసంలో ఎలా రాయాలి

మొదటిసారి ప్రస్తావించినప్పుడు మూలంలోని తిథి ముందు, ఇంగ్లీషు తేదీ తర్వాత ఇవ్వండి. పాఠకుడు మీ లెక్కను మళ్లీ వేసుకోగలిగేలా ఉండాలి. మన ఉదాహరణకు అధస్సూచిక ఇలా ఉంటుంది:

"శక 1424 (గత), దుందుభి, ఫాల్గుణ బ. 12 (అమాంతం) = 23 ఫిబ్రవరి 1503, జూలియన్. రేకులో వారం, నక్షత్రం లేవు. లెక్క ప్రకారం ఆ రోజు గురువారం. సూర్యోదయ తిథిని తీసుకున్నాను. మీన సంక్రమణం అమావాస్యకు సుమారు ఒక రోజు ముందు జరిగినందున మాసాన్ని రెండు పద్ధతుల్లో సరిచూశాను."

వ్యాసం అంతటా ఒకే క్యాలెండర్ వాడండి. విజయనగర కాలం నుంచి కంపెనీ కాలం దాకా వచ్చే వ్యాసమైతే 1582కు ముందు జూలియన్, తర్వాత గ్రెగోరియన్ అని మొదట్లోనే ఒక మాట రాయండి. ఇంగ్లీషువాళ్ల కాగితాలు వాడుతుంటే ఇంకో చిన్న సంగతి ఉంది. వాళ్లు 1752 దాకా జూలియన్‌లోనే ఉన్నారు, అధికారిక కాగితాల్లో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. సెయింట్ జార్జి కోట రికార్డులో ఫిబ్రవరి 1690 అని కనిపిస్తే అది మన లెక్కలో 1691 కావచ్చు.

ఏటా జరిగే వర్ధంతి గురించి రాసేటప్పుడు ఇంగ్లీషు తేదీ ఇవ్వకండి. "ఏటా ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు" అని రాస్తే చాలు. ఫలానా ఏడాది జరిగిన ఉత్సవాన్ని మీరు వెళ్లి చూసి రాస్తున్నట్టయితే, ఆ గుడిలో గోడకు అంటించిన ఆహ్వానపత్రికలోని తేదీనే వేయండి, పక్కనే వాళ్లు ఏ పంచాంగం పాటిస్తారో అర్చకస్వామిని అడిగి రాసుకోండి. ఒకే ఊళ్లో రెండు గుళ్లు రెండు రోజుల్లో ఒకే పండుగ చేసుకున్నాయంటే దానికి కారణం చాలావరకు ఆ ఒక్క సమాధానంలోనే దొరుకుతుంది.